ఇసుక మడిలో స్నానాల నీరు

ఇంటి వెనకగోడ దగ్గరికి వెళ్లి పైకి చూడండి. పాత పద్ధతిలో కట్టిన మేడ అయితే గోడ వెంట రెండు పైపులు దిగుతూ కనిపిస్తాయి. లావుపాటిది మరుగుదొడ్డిది. పక్కనున్న సన్నపాటిది స్నానాల గది నుంచీ, బట్టలుతికే చోటు నుంచీ వస్తుంది. కింద మ్యాన్‌హోల్‌లో కలిసేదాకా ఈ రెండు నీళ్లూ ఒకదాన్నొకటి తాకవు. ఈ అధ్యాయం ఆ సన్నపాటి పైపు గురించి. మీ ఇంట్లో అన్నీ పైనే కలిసి ఒకే గొట్టంగా దిగుతుంటే, విడదీయడం కుదురుతుందేమో ముందు ప్లంబరును అడగాలి. కుదరకపోతే ఇక్కడ చెప్పే పద్ధతి ఆ ఇంటికి పనికిరాదు. మరుగుదొడ్డి నీరు కలిసినదాన్ని పెరటి ఇసుకతో బాగుచేయాలని చూడకూడదు.

ఆ సన్నపాటి పైపులో ఎన్ని నీళ్లు పోతాయి? భూగర్భ మురుగు కాలువలున్న పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలన్నది మన దేశంలో నీటి సరఫరాకు వాడే లెక్క. అందులో స్నానానికి 55 లీటర్లు, బట్టలకు 20. నలుగురున్న ఇంట్లో ఈ రెండూ కలిపితే రోజుకు 300 లీటర్లు. అనంతపురంలో అలాంటి ఇల్లొకటి అనుకుందాం. అక్కడ ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. ఎండ ముదిరిన రోజుల్లో చదరపు మీటరు తోటకు రోజుకు ఆరు లీటర్ల లెక్కన పోసినా, 300 లీటర్లు 50 చదరపు మీటర్లకు సరిపోతాయి. అంటే 60 గజాల పెరడు పూర్తిగా ఈ నీటి మీదే బతకగలదు.

మన పెద్దవాళ్లు ఈ నీటిని నేరుగా అరటి పాదులోకి వదిలేవారు. అది చక్కగా సాగేది. సున్నిపిండి, కుంకుడుకాయ, సీకాయ వాడేవారు, నీళ్లు చేదుకుని పోసుకునేవారు కాబట్టి తక్కువ పోసుకునేవారు, పెరడు విశాలంగా ఉండేది. ఇప్పుడు నీళ్లు ఎక్కువ, చోటు తక్కువ, సబ్బు ఘాటు ఎక్కువ. సబ్బు జిడ్డు, ఒంటి మట్టి, వెంట్రుకలు, బట్టల నూగు కలిసిన 300 లీటర్లను రోజూ ఒకే పాదులో పోస్తే కొన్ని వారాల్లోనే మట్టి రంధ్రాలు మూసుకుపోతాయి. నీరు ఇంకదు, దోమలు చేరతాయి, వాసన మొదలవుతుంది.

పోనీ ట్యాంకులో నిలవచేసి కొంచెం కొంచెంగా వాడదామంటే అదీ నడవదు. ఈ నీటిలో బాక్టీరియాకు తిండి పుష్కలంగా ఉంటుంది. అవి నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను త్వరగా వాడేసుకుంటాయి. ఆ తర్వాత ఆక్సిజన్ అక్కర్లేని జాతులు పైచేయి సాధించి, నీటిలోని సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తాయి. కుళ్లిన గుడ్డు వాసన దానిదే. అందుకే స్నానాల నీటికి మొదటి నియమం, 24 గంటలకు మించి ఎక్కడా నిలవకూడదు. ఈ నీరు పుట్టిన రోజే శుభ్రపడి, ఆ రోజే నేలలో ఇంకిపోవాలి. కంకర, ఇసుక మడి ఆ పని చేస్తుంది.

ఇసుక మడి అనగానే అదొక జల్లెడ అనుకుంటాం. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. మిల్లీమీటరు మందం ఇసుక రేణువుల మధ్య సందు మిల్లీమీటరులో ఆరేడో వంతు ఉంటుంది. బాక్టీరియా ఆ సందు కంటే దాదాపు వంద రెట్లు చిన్నది. జల్లెడ లెక్కన చూస్తే అది హాయిగా దాటిపోవాలి. కానీ 1892లో హాంబుర్గ్ నగరంలో కలరా చెలరేగినప్పుడు, ఆనుకునే ఉన్న అల్టోనా పట్టణం పెద్దగా నష్టపోకుండా బయటపడింది. రెండు ఊళ్లూ ఎల్బె నది నీరే తాగేవి. పైగా అల్టోనా ప్రవాహానికి దిగువన ఉండి, హాంబుర్గ్ మురుగు కలిసిన నీటినే తీసుకునేది. తేడా ఒక్కటే, అల్టోనా ఆ నీటిని ఇసుక మడుల గుండా నెమ్మదిగా వడకట్టి ఇచ్చేది. ఆ రకం మడిని జేమ్స్ సింప్సన్ 1829లోనే లండన్ చెల్సీ నీటి కంపెనీలో కట్టాడు.

ఇసుకలో జరిగేది వడపోత కంటే ఎక్కువ. ప్రతి రేణువు మీదా బాక్టీరియా పలుచని జిగురు పొరగా పెరుగుతుంది. దాన్ని మేస్తూ ఏకకణ జీవులు, వాటి వెనక సన్నని పురుగులు చేరతాయి. నీరు రేణువులను రాసుకుంటూ దిగుతుంటే అందులోని జిడ్డూ మురికీ ఆ పొరకు అంటుకుంటాయి, పొర వాటిని తినేస్తుంది. ఆ పొర పరుచుకునే చోటు ఎంతో లెక్కకడితే ఆశ్చర్యం వేస్తుంది. మిల్లీమీటరు రేణువులున్న ఘనపు మీటరు ఇసుకలో, రేణువుల ఉపరితలం మొత్తం సుమారు 3,600 చదరపు మీటర్లు. మనం కట్టబోయే మడిలో పట్టే ఇసుక అంతకంటే కాస్త ఎక్కువ. అంటే పది అడుగుల తొట్టిలో ఎకరానికి పైగా పొర పెరిగే చోటు దొరుకుతుంది. మడి కట్టడంలో, నడపడంలో ప్రతి నిర్ణయమూ ఈ పొరను బతికించడం కోసమే. దానికి కావలసినవి రెండు: క్రమంగా తిండి, ఎడతెగకుండా గాలి.

ఇక అనంతపురం ఇంటికి వద్దాం. వాళ్లు పైఅంతస్తులో ఉంటారు, వాషింగ్ మెషీన్ కూడా పైనే. ఇది పెద్ద వెసులుబాటు, ఎందుకంటే ఈ రకం మడికి మూడు నాలుగు అడుగుల ఎత్తు తేడా కావాలి. కిందనే ఉండే ఇల్లయితే మడిని నేలలోకి దించి, అడుగున చేరిన నీటిని చిన్న మోటారుతో తోడాల్సి వస్తుంది. ఏ ఇంట్లోనైనా తవ్వే ముందు మేస్త్రీల లెవల్ ట్యూబుతో, అంటే నీళ్లు నింపిన పారదర్శక గొట్టంతో, పైపు నోటి నుంచి తోట దాకా ఎత్తు తేడా కొలుచుకోవాలి.

తొట్టి కొలత నీటిని బట్టి వస్తుంది. స్నానాల నీటికి చదరపు మీటరు ఇసుక మీద రోజుకు 100 లీటర్ల లెక్క వేసుకుంటే మడి ఊపిరాడుతూ ఉంటుంది. 300 లీటర్లకు పది అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు సరిపోతుంది. ఇటుక గోడ మూడున్నర అడుగుల ఎత్తున కట్టి, లోపల సిమెంటు పూసి, అడుగును ఒక చివరికి రెండు అంగుళాలు వాలుగా పెట్టాలి. పొడవులో సరిగ్గా మధ్యన అడ్డుగోడ కట్టి తొట్టిని రెండు గదులు చేయాలి. దీని అవసరం తర్వాత తెలుస్తుంది.

నింపడం కింది నుంచి మొదలవుతుంది. అడుగున వాలు వెంట చిల్లుల పీవీసీ పైపు పరిచి, దాన్ని ఎనిమిది అంగుళాల మందాన 20 ఎం.ఎం. కంకరతో కప్పాలి. దాని మీద నాలుగు అంగుళాలు చిప్స్. ఈ చిప్స్ లేకపోతే ఇసుక కంకరలోకి జారిపోయి అడుగు పైపు దాకా చేరుతుంది. దీనికి బదులు గుడ్డో, ప్లాస్టిక్ వలో పరిచే అలవాటు ఉంది. అది మంచిది కాదు. ఆ గుడ్డ మీదే పొర దట్టంగా పెరిగి, మడి మొత్తం అక్కడే మూసుకుపోతుంది. చిప్స్ మీద అడుగున్నర ఇసుక, ఆ పైన ఆరు అంగుళాల కంకర. నీటిని పంచే చిల్లుల పైపు ఈ పై కంకరలోనే కప్పి ఉంటుంది. నీరు ఎక్కడా బయటికి కనిపించదు కాబట్టి దోమ గుడ్లు పెట్టడానికి చోటుండదు.

ఇసుక ఎంపికలో తొందరపడకూడదు. ప్లాస్టరింగ్‌కు వాడే సన్న ఇసుక పనికిరాదు, కాంక్రీటుకు వాడే దొడ్డు ఇసుక కావాలి. ఇప్పుడు ఏటి ఇసుక దొరకడం కష్టమై రోబో ఇసుక వాడుతున్నారు. అదీ పనిచేస్తుంది, అయితే రాతిపొడి మొత్తం పోయేదాకా కడగాలి. పారదర్శక సీసాలో సగం ఇసుక, పైన నీళ్లు పోసి బాగా కుదిపి గంటసేపు ఉంచండి. ఇసుక మీద మెత్తటి ఒండ్రు పొర కంటికి స్పష్టంగా కనిపిస్తే ఇంకా కడగాలి. మడులు చాలావరకు చెడేది ఇక్కడే, మురికి వల్ల కాదు, కట్టిన రోజే లోపలికి వెళ్లిన ఈ పొడి వల్ల.

తొట్టి పక్కన నాలుగు అడుగుల దిమ్మ మీద 200 లీటర్ల డ్రమ్ము పెడతాం. పైఅంతస్తు పైపు ముందు ఇందులోకి వస్తుంది. నోటి దగ్గర నైలాన్ వల సంచీ కట్టి వెంట్రుకలనూ నూగునూ పట్టాలి. అడుగు నుంచి నాలుగు అంగుళాల పైన మడికి వెళ్లే గొట్టమూ వాల్వూ, అడుగు మట్టాన మడ్డి తీసేందుకు మరో బిరడా, పైన పొంగు గొట్టం. అనంతపురం బోరు నీరు కఠినం కనుక సబ్బు నీటిలోని కాల్షియంతో కలిసి తెల్లటి మడ్డిగా విరుగుతుంది. అది డ్రమ్ములోనే ఆగాలి. ఇసుక మీదికి చేరిందంటే సిమెంటు పూసినట్టు పట్టేస్తుంది. వారానికోసారి సంచీ ఉతికి, అడుగు మడ్డి మురుగు కాలువలోకి వదలాలి.

ఈ డ్రమ్ము ఎందుకు, నీటిని నేరుగా మడిలోకి వదిలితే పోదా అని అడగవచ్చు. షవరు కింద ఒకరు స్నానం చేస్తుంటే నీరు సన్నధారగా వస్తుంది. ఆ ధార పైపులోని మొదటి రెండు చిల్లుల దగ్గరే దిగిపోయి, అక్కడి ఇసుక రోజంతా తడిగా ఉండి కుళ్లుతుంది. మిగతా మడి పొడిగా, ఆకలితో ఉంటుంది. అదే వంద లీటర్లు ఒక్కసారి వాల్వు తిప్పి వదిలితే నీరు మడంతా పరుచుకుంటుంది, దాదాపు ఒకటిన్నర అంగుళాల మందాన. అది కిందికి దిగుతూ తన వెనక గాలిని లోపలికి లాగుతుంది. మడి ఊపిరి తీసుకునేది అలాగే. తర్వాతి విడత దాకా దొరికే ఖాళీ సమయంలో పొర తనకంటుకున్నదాన్ని తింటుంది. ఈ ఇంట్లో రోజుకు మూడు విడతలు: పొద్దున ఇద్దరి స్నానాలయ్యాక ఒకటి, మిగతా ఇద్దరివీ అయ్యాక ఒకటి, బట్టలుతికాక ఒకటి. అడుగు పైపు రెండో చివరను గోడ పక్కగా పైకి లేపి వల మూత పెడితే కింది నుంచి కూడా గాలి ఆడుతుంది.

మొదటి రెండు మూడు వారాలు బయటికి వచ్చే నీరు మబ్బుగానే ఉంటుంది, సబ్బు వాసనా పూర్తిగా పోదు. పొర ఇంకా పెరగలేదు. ఆ తర్వాత తేట పడుతుంది. కట్టినప్పుడే పై కంకరలో ఇసుక మట్టం దాకా ఒక నిలువు గొట్టం నాటుకుంటే మడి ఆరోగ్యం దాన్నిబట్టి తెలుస్తుంది. వాల్వు కట్టేశాక ఆ గొట్టంలో నీరు ఎంతసేపటికి మాయమవుతోందో చూస్తుండాలి. కొత్తలో నిమిషాల్లో దిగుతుంది. గంట దాటుతోందంటే ఇసుక పైభాగం మూసుకుపోతోంది. తర్వాతి విడత సమయానికి కూడా నీరు నిలిచే ఉంటే మడికి గాలి అందడం లేదు. కొంచెం ఇసుక తవ్వి చూస్తే నల్లగా, కుళ్లిన గుడ్డు వాసనతో ఉంటుంది. ఆ నలుపు ఐరన్ సల్ఫైడుది.

దీనికి మందు విశ్రాంతే. అడ్డుగోడ కట్టింది ఇందుకే. మూసుకుపోయిన గదికి వారం పదిరోజులు నీరు ఆపేస్తే, మితిమీరి పెరిగిన పొర ఎండుతుంది, పురుగులు దాన్ని మేస్తాయి, సందులు తెరుచుకుంటాయి. ఆ రోజుల్లో రెండో గది మీద బరువు పడకుండా బట్టల నీటిని మురుగు కాలువకు మళ్లించి, స్నానాల నీరు మాత్రమే వదలాలి. విశ్రాంతి తర్వాత కూడా దిగకపోతే పై కంకర పక్కకు తీసి, ఇసుక పైపొర రెండు అంగుళాలు గీరి కొత్తది వేయాలి. ఇసుక అంతా మార్చే పనికి తొందరపడకండి, పొర మళ్లీ మొదటి నుంచి పెరగాల్సి వస్తుంది.

బ్లీచింగ్ పౌడరు, స్నానాల గది కడిగే ఆసిడ్ మడిలోకి వెళ్తే పొర చస్తుంది. గది కడిగే రోజు పైపును కాలువకు తిప్పాలి. పసిపిల్లల మలం అంటిన గుడ్డలు ఉతికినా, ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకున్నా అంతే. వంటింటి నీటిని మాత్రం ఏ రోజూ కలపవద్దు. అందులోని నూనె, మెతుకులు ఇంత చిన్న మడి తినగలిగే తిండి కాదు.

ఇంతవరకు చెప్పినవన్నీ మడి చేయగల పనులు. అది అసలు చేయలేని పని ఒకటుంది, ఈ విషయం మీద రాసేవాళ్లు దాన్ని తేలిగ్గా దాటేయడం నాకు బాధగా ఉంటుంది. నీటిలో కరిగిన ఉప్పును ఇసుక మడి ఆపదు. పొర తినగలిగేది జీవ పదార్థాన్నే. సోడియం వచ్చినది వచ్చినట్టే తోటలోకి వెళ్తుంది.

లెక్క చూద్దాం. ఆ ఇంట్లో రోజుకు 60 గ్రాముల బట్టల పౌడరు వాడతారనీ, అందులో మూడో వంతు చాకలి సోడా అనీ అనుకుందాం. రోజుకు 20 గ్రాములు, ఏడాదికి 7 కిలోలకు పైగా. చాకలి సోడాలో 43 శాతం సోడియమే. అంటే ఒక్క బట్టల పౌడరు నుంచే ఏటా మూడు కిలోల సోడియం 60 గజాల నేలలో చేరుతుంది. ఒకప్పుడు రజకులు బట్టలు ఉడకబెట్టడానికి తెచ్చుకున్న చౌడు మట్టిలో ఉన్నదీ ఈ సోడానే. చౌడు నేలలో పైరు ఎందుకు రాదో రాయలసీమ రైతుకు చెప్పనక్కర్లేదు. సోడియం ఎక్కువైనప్పుడు బంకమట్టి రేణువులు ఒకదాన్నొకటి వదిలేసి విడిపోతాయి, సందులన్నీ మూస్తాయి. తడిస్తే బురద, ఎండితే రాయి. మంచి ఎర్రనేలను కూడా కొన్నేళ్లలో ఆ దారిన పెట్టే శక్తి ఈ నీటికి ఉంది. నల్లరేగడిలో బంకమన్ను ఎక్కువ కాబట్టి ముప్పు ఇంకా ఎక్కువ.

అందువల్ల మడి కట్టే ఇంట్లో సబ్బు మారాలి. సోడా ఎక్కువగా ఉండే చౌక పౌడరు మానేసి ద్రవ డిటర్జెంటు వాడితే సోడియం బాగా తగ్గుతుంది. వీలైన బట్టలకు కుంకుడు రసం ఇంకా మేలు. దాని నురగ సపోనిన్లది, సోడియంది కాదు. వాన పడే రోజుల్లో ఈ నీటిని కాలువకు వదిలేసి వానను తోటలో నిలవనివ్వాలి, చేరిన ఉప్పును వేళ్ల కిందికి కడిగేది అదే. మొక్కల ఎంపికా ఉప్పును బట్టే ఉండాలి. కొబ్బరి, సపోటా తట్టుకుంటాయి, దానిమ్మ కొంతవరకు ఓర్చుకుంటుంది. నిమ్మ, బత్తాయి, చిక్కుడు తట్టుకోలేవు. ఆకు అంచులు కాలినట్టు ఎండుతుంటే అది ఉప్పు మాట్లాడుతున్న గుర్తు.

మడి నుంచి వచ్చే నీరు ఎంత తేటగా ఉన్నా రోగక్రిములు పూర్తిగా పోయాయని అనుకోవద్దు. దాన్ని చల్లకూడదు, పైపుతో ఆకుల మీద కొట్టకూడదు. కాలువ తీసి పాదుల్లోకి, ఎండుటాకులు పరిచిన మట్టిలోకి వదలాలి. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి లాంటి పచ్చిగా తినేవాటికి వాడవద్దు. పండ్ల చెట్లకు, పూల మొక్కలకు, మునగకు, కరివేపాకుకు నిశ్చింతగా పెట్టవచ్చు.

ఇక మీ నేల ఈ నీటిని భరిస్తుందో లేదో తెలుసుకునే పరీక్ష ఒకటి ఉంది. ఆస్ట్రేలియా నేలల శాస్త్రవేత్త ఎమర్సన్ 1967లో దాన్ని పద్ధతి ప్రకారం వివరించాడు. దానికి గాజు గ్లాసు చాలు. తోటలోంచి శనగగింజంత ఎండు మట్టిగడ్డ తీసి, వాననీళ్లో, ఆర్వో నీళ్లో పోసిన గ్లాసులో మెల్లగా జారవిడిచి రెండు గంటలు కదపకుండా ఉంచండి. గడ్డ విరిగి కూలినా నీరు తేటగా ఉంటే భయం లేదు. గడ్డ చుట్టూ నీరు పాలలా మబ్బుపడితే ఆ నేలలో సోడియం అప్పటికే ఎక్కువైంది. అప్పుడు జిప్సం వేసి, ఒక వానాకాలం గడిచాక మళ్లీ పరీక్షించండి. మడి నడుస్తున్న ఇంట్లో కూడా ఏటా మే నెలలో, వానలకు ముందు, ఇదే పరీక్ష చేయాలి. మీ బోరు నీరే ఉప్పగా ఉంటే మాత్రం ఈ మడి కట్టకండి. ఆ ఇంటికి వాననీటి గుంట తవ్వుకోవడమే సరైన పని.